తిరగబెట్టే జ్వరం: బ్రూసెల్లోసిస్ చికిత్సలో రెండో మందు చరిత్ర

బ్రూసెల్లోసిస్ మీద మనకు దొరికే రాతలు చాలావరకు మాల్టా దీవిలో మొదలై, పాలు కాచి తాగమన్న సలహాతో ముగుస్తాయి. చికిత్స సంగతి మధ్యలో ఒక్క వాక్యంలో తేలిపోతుంది: ఆరు వారాలు డాక్సీసైక్లిన్, దానికి తోడు రిఫాంపిసిన్ లేదా స్ట్రెప్టోమైసిన్. జ్వరం తిరగబెడితే రోగి మందులు మధ్యలో మానేశాడని తేల్చేస్తారు. ఈ కథనంలో రెండు లోపాలున్నాయని నా అభిప్రాయం. ఆ రెండు తోడు మందులూ సమానమైనవి కావు. తిరగబెట్టడానికి ప్రతిసారీ రోగే కారణం కాదు.

మొదటి అధ్యాయాలు అందరికీ తెలిసినవే. 1887లో డేవిడ్ బ్రూస్ మాల్టాలో చనిపోయిన బ్రిటిష్ సైనికుల ప్లీహం నుంచి సూక్ష్మజీవిని వేరుచేశాడు. 1897లో డెన్మార్క్‌లో బెర్నార్డ్ బాంగ్ ఆవుల్లో ఈసుకుపోయే రోగానికి కారణమైన జీవిని పట్టుకున్నాడు. 1905లో థెమిస్టొక్లీస్ జమ్మిట్ పైకి ఆరోగ్యంగా కనిపించే మేకల్లోనే మాల్టా జ్వరం దాగి ఉందని చూపాడు. మరుసటి ఏడాది సైనికులకు మేకపాలు ఆపేయగానే వారిలో జ్వరాలు బాగా తగ్గిపోయాయి. 1918లో అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ ఆ రెండు జీవులూ దగ్గరి చుట్టాలేనని రాసినప్పుడు చాలామంది వెంటనే నమ్మలేదు.

ఈ కథ పాల చుట్టూ తిరగడం వల్ల మన దగ్గర ఒక నష్టం జరిగింది. తెలుగు ఇళ్లలో పాలు పొంగించకుండా తాగేవాళ్లు తక్కువ. పాడి పనివాళ్లకు, గొర్రెల కాపర్లకు, పశువైద్య సిబ్బందికి ఈ రోగం ఎక్కువగా చేతుల మీదుగా వస్తుంది. చూడి గేదె ఏడో ఎనిమిదో నెలలో ఈసుకుపోయినప్పుడు బయటపడే పిండంలో, ఉమ్మనీటిలో, మాయలో ఈ సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. మాయ పడకపోతే ఒట్టి చేత్తో తీస్తారు. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, కంట్లో తుంపర పడినా చాలు. పాకలో ఎండిన మురికి దుమ్ముగా లేచి ఊపిరితో పాటు లోపలికి పోయినా చాలు.

ఇక మందుల చరిత్ర. 1930ల చివర సల్ఫా మందులు ఆశ చూపి నిరాశ పరిచాయి. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఒంటరిగా ఇస్తే జ్వరం దిగేది, మళ్లీ వచ్చేది. 1948 నుంచి ఆరియోమైసిన్, ఆ తర్వాత ఇతర టెట్రాసైక్లిన్లు వాడారు. మిన్నెసోటాలో వెస్లీ స్పింక్ బృందం వీటిని శ్రద్ధగా పరీక్షించింది. రోగులు కొద్ది రోజుల్లోనే తేరుకునేవారు, కానీ కొన్ని నెలలకు కొందరు మళ్లీ జ్వరంతో వచ్చేవారు. కారణం ఈ జీవి బతికే తీరులోనే ఉంది. రక్తంలోని భక్షక కణాలు దాన్ని మింగుతాయి, అది అక్కడ చావకుండా ఆ కణాల లోపలే కాపురం పెడుతుంది. ప్లీహం, కాలేయం, ఎముక మజ్జ, వెన్నుపూసలు దాని స్థావరాలు. టెట్రాసైక్లిన్ కణం లోపలికి బాగా వెళ్తుంది కానీ జీవిని చంపడం కంటే పెరగకుండా ఆపుతుంది. స్ట్రెప్టోమైసిన్ చంపుతుంది కానీ కణంలోకి అంతగా పోదు. ఈ రెండూ కలిపితే ఒకదాని కొరత మరొకటి తీర్చింది. దశాబ్దాల పాటు అదే ప్రామాణిక చికిత్సగా నిలిచింది.

వివాదం మొదలయ్యేది ఇక్కడే. రిఫాంపిసిన్ వచ్చాక తర్కం దానికే మొగ్గు చూపింది. అది మాత్ర, కణంలోకి దూరుతుంది, సూక్ష్మజీవిని చంపుతుంది కూడా. 1986లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం రోజుకు 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్, 600 నుంచి 900 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ ఆరు వారాలు ఇవ్వమంది. పల్లెల్లో రోజూ సూది వేయించుకోవడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు ఈ సూచనను ఎందుకు స్వాగతించారో అర్థం చేసుకోవచ్చు. కానీ సౌలభ్యం ముందు వచ్చింది, గట్టి రుజువు వెనక వచ్చింది.

ఆ రుజువు ఎక్కువగా స్పెయిన్ నుంచి వచ్చింది. బార్సిలోనాలో హావియర్ అరీసా బృందం 1992లో రెండు చికిత్సలనూ పోల్చి ప్రచురించిన ఫలితాలు ఆసక్తికరం. మామూలు రోగుల్లో రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. వెన్నుపూసకు రోగం పాకినవారిలో మాత్రం రిఫాంపిసిన్ జోడీ వెనకబడింది. తర్వాత స్పెయిన్‌లోనే హావియర్ సొలేరా బృందం జరిపిన పోలికలో కూడా రిఫాంపిసిన్ తీసుకున్నవారికే జ్వరం ఎక్కువగా తిరగబెట్టింది. 1994లో మాలగాకు చెందిన కోల్మెనేరో బృందం దీనికి ఒక కారణాన్ని చూపింది: రిఫాంపిసిన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొట్టి డాక్సీసైక్లిన్‌ను త్వరగా వదిలించేస్తుంది. స్ట్రెప్టోమైసిన్‌తో పాటు వాడినవారి కంటే ఈ రోగుల రక్తంలో డాక్సీసైక్లిన్ తక్కువగా ఉంది. అంటే తోడుగా వచ్చిన మందే అసలు మందును బలహీనపరుస్తోంది. రోగి ఒక్క మాత్ర కూడా వదలకుండా మింగినా ఇది జరుగుతుంది.

అయినా ఇదొక్కటే కారణమని నేను అనను. తక్కువ మట్టం ఉన్న ప్రతి రోగికీ తిరగబెట్టదు. ప్రయోగాలు కొన్ని చిన్నవి, గడువులు ఒకేలా లేవు. ముప్పై రోజులతో ఆపిన పాత ప్రయోగాల్లో ఏ జోడీకైనా ఫలితం పాడవుతుంది. కానీ 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమగ్ర విశ్లేషణలో ఆ ప్రయోగాలన్నీ కలిపి చూసినా తూకం అటే మొగ్గింది. డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ వాడినవారిలో తిరగబెట్టే ముప్పు స్ట్రెప్టోమైసిన్ వాడినవారి కంటే రెండున్నర రెట్లకు పైగా ఉంది.

ఇక్కడ మరో అపోహ కూడా తొలగాలి. తిరగబెడితే సూక్ష్మజీవి మందుకు లొంగకుండా పోయిందని భయపడతారు. తిరగబెట్టిన రోగుల రక్తం నుంచి వేరుచేసిన జీవులు దాదాపు ఎప్పుడూ మొదటి మందులకే లొంగుతాయి. అవి మారలేదు, దాగాయి. అందుకే రెండోసారి కూడా అవే మందులు పనిచేస్తాయి. చాలామందికి గడువు పూర్తిగా పాటించి, సూది మందును చేరిస్తే చాలు.

ఊహించి చెప్పే ఒక రోగిని చూద్దాం. వివరాలు మాత్రం తరచుగా కనిపించేవే. నలభై ఏళ్ల పాడి కూలీ, బరువు 60 కిలోలు. ఈసుకుపోయిన గేదె మాయ తీసిన మూడు వారాలకు సాయంత్రం పూట జ్వరం, తడిసిపోయేంత చెమట, నడుము నొప్పి మొదలయ్యాయి. టైఫాయిడ్ అని రెండుసార్లు మందులిచ్చారు. చివరికి ఎవరో పశువుల సంగతి అడిగారు. రోజ్ బెంగాల్ పరీక్ష పాజిటివ్, గొట్టం అగ్లూటినేషన్ 1:320. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రిఫాంపిసిన్ 600 రోజుకోసారి రాశారు. వారానికే జ్వరం పోయింది. అతను ఆరు వారాలూ వాడాడు. మూడో నెలలో మళ్లీ చెమటలు, మళ్లీ నడుము నొప్పి.

ఇప్పుడు వైద్యుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, ఇది నిజంగా తిరగబెట్టడమేనా? మిగిలిపోయిన అగ్లూటినేషన్ అంకె దీనికి రుజువు కాదు, నయమైనవారిలో కూడా అది నెలల తరబడి ఉంటుంది. తగ్గిన అంకె మళ్లీ పెరగడం, ముఖ్యంగా ఐజీజీ ప్రతిరోధకాలు పెరగడం, అంతకంటే మించి రక్తపు కల్చర్‌లో జీవి పెరగడం లెక్కలోకి వస్తాయి. ఆ నమూనా పంపేటప్పుడు బ్రూసెల్లా అనుమానమని ల్యాబ్‌కు చెప్పి తీరాలి, లేదంటే ల్యాబ్ సిబ్బందికే సోకవచ్చు. రెండోది, వెన్నుపూసలో పుండు మిగిలిందా? నడుము నొప్పి ఉన్న రోగికి మొదట్లోనే ఎమ్మారై తీయించి ఉంటే చికిత్సను ఆరు వారాలతో ఆపేవారు కాదు, కనీసం పన్నెండు వారాలకు పొడిగించేవారు. మూడోది, అతను మళ్లీ అదే పాకలో అదే పని చేశాడా? చేసి ఉంటే ఇది కొత్తగా సోకింది కావచ్చు. అప్పుడు చికిత్స ఎంత బాగున్నా లాభం ఉండదు.

అతనికి నేను కోరేది ఈసారి డాక్సీసైక్లిన్ పూర్తి గడువు, దానితో పాటు రోజుకు ఒక గ్రాము స్ట్రెప్టోమైసిన్ రెండు నుంచి మూడు వారాలు. రోజూ వచ్చి సూది వేయించుకుంటే అతని కూలి పోతుంది. అందుకు జెంటామైసిన్ ఉంది. ఇరాన్‌లోని బాబోల్‌లో 2006లో వచ్చిన పోలికలో ఏడు రోజుల జెంటామైసిన్, పద్నాలుగు రోజుల స్ట్రెప్టోమైసిన్‌కు దీటుగా నిలిచింది. మోతాదు కిలోకు 5 మిల్లీగ్రాములు, అంటే ఇతనికి రోజుకు 300. రెండు సూది మందులూ చెవులకు, మూత్రపిండాలకు చేటు చేయగలవు. చెవుల్లో హోరు, తల తిరుగుడు మొదలైతే వెంటనే చెప్పమనాలి. క్రియాటినిన్ చూడకుండా మొదలుపెట్టకూడదు. గర్భిణికి, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఈ లెక్క వేరు. వారికి డాక్సీసైక్లిన్ మామూలుగా ఇవ్వరు, రిఫాంపిసిన్, కోట్రైమాక్సజోల్ వైపు వెళ్తారు. ఆ చోట రిఫాంపిసిన్ విలువను నేను తక్కువ చేయను.

మాత్రల జోడీని వద్దనడానికి మన దేశంలో ఇంకో కారణం కూడా ఉంది, దీన్ని ఎవరూ తగినంతగా చెప్పలేదనిపిస్తుంది. వెన్నుపూసకు పాకిన బ్రూసెల్లోసిస్, వెన్నుపూస క్షయ పైకి ఒకేలా కనిపిస్తాయి. క్షయ ఉన్న మనిషికి పొరపాటున డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ ఇస్తే క్షయ మీద పనిచేసేది రిఫాంపిసిన్ ఒక్కటే. అలా ఒంటరిగా వాడటం వల్లే మొండి క్షయ పుడుతుంది. స్ట్రెప్టోమైసిన్‌కు కూడా ఈ దోషం వర్తిస్తుంది, అది కూడా క్షయ మందే. జెంటామైసిన్‌కు ఈ చిక్కు లేదు. జిల్లా ఆసుపత్రుల్లో ఇది చౌకగా దొరికే మందు. అయినా చీటీల మీద రెండు మాత్రల జోడీయే కొనసాగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 పుస్తకంలోనూ రెండు జోడీలు పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండింటినీ సమానమని చదువుకోవడం మన బద్ధకమే.

పశువుల వైపు పని 2019లో జాతీయ పశు వ్యాధి నియంత్రణ కార్యక్రమంతో పెద్దదైంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకు జీవితంలో ఒక్కసారి ఎస్-19 టీకా వేస్తారు. మంచి పనే, కానీ దాని ఫలం మెల్లగా వస్తుంది. ఇప్పటికే సోకిన గేదెను ఈ టీకా నయం చేయదు, ఆ గేదెను సంతలో అమ్మితే ఎవరూ ఆపరు. పైగా ఎస్-19 ప్రాణమున్న టీకా. వేసే మనిషి వేలికి సూది గుచ్చుకుంటే అతనికే రోగం రావచ్చు. అలా గుచ్చుకున్నప్పుడు వెంటనే కడిగి, డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ మూడు వారాలు ముందుజాగ్రత్తగా వాడతారు. ఏ టీకా అన్నది మాత్రం వైద్యుడికి చెప్పాలి. వేరే దేశాల్లో ఆవులకు వాడే ఆర్‌బీ-51 టీకా జీవి రిఫాంపిసిన్‌కు లొంగదు, గొర్రెలు మేకలకు వేసే రెవ్-1 జీవి స్ట్రెప్టోమైసిన్‌కు లొంగదు. గల్ఫ్ దేశాల్లో గొర్రెల మందలు కాసే తెలుగు కూలీల్లో ఎవరికైనా రెవ్-1 సూది గుచ్చుకుంటే, ఇంటికి వచ్చాక జ్వరం చూసే వైద్యుడికి ఈ తేడా తెలియాలి.