కంది జన్యువుల జాబితాలో తప్పులెన్ని?

జనగామ, మహబూబాబాద్ వైపు పత్తిలో సాళ్ళ మధ్య కంది వేసే రైతుకు ఎండు తెగులు కొత్త కాదు. దాన్ని తట్టుకునే 'ఆశ' రకం కంది జన్యుపటాన్ని పటాన్‌చెరు ఇక్రిశాట్ నాయకత్వంలోని బృందం 2012లో ప్రచురించింది. అందులో 48,680 జన్యువులు ఉంటాయని అంచనా కట్టారు. తెగులు సోకిన వేళ్ళలో, ఆరోగ్యంగా ఉన్న వేళ్ళలో ఏ జన్యువుల పని మారిందో చూడాలంటే జన్యువుకొకటి చొప్పున అన్ని పరీక్షలూ ఒకేసారి చేయాలి. నిజానికి ఏ జన్యువూ మారకపోయినా, 0.05 హద్దు పెట్టుకుంటే కేవలం యాదృచ్ఛికంగా సుమారు 2,434 జన్యువులు 'మారాయి' అని తేలతాయి.

ఇంత పెద్ద సంఖ్య రాకముందే గణాంకవేత్తలకు ఈ చిక్కు తెలుసు. 1950లలో జాన్ ట్యూకీ, 1961లో ఆలివ్ డన్ కోరుకున్నది ఒకటే: మొత్తం పరీక్షల్లో ఒక్క తప్పుడు ఫలితం వచ్చే అవకాశం కూడా 5 శాతం దాటకూడదు. మన ఆంధ్ర నుంచి అమెరికా వెళ్ళిన పరుచూరి కృష్ణయ్య కూడా 1960లలో ఏకకాల పరీక్షల మీదే గట్టిగా పనిచేశారు. ఆ రోజుల్లో పోల్చేవి పదో ఇరవయ్యో కాబట్టి ఆ కోరిక సబబే. బొన్‌ఫెరోని పద్ధతిలో హద్దును పరీక్షల సంఖ్యతో భాగించాలి. కంది జన్యువుల దగ్గరకు వచ్చేసరికి ఆ హద్దు పది లక్షల్లో ఒకటికి దిగిపోతుంది. తప్పులతో పాటు నిజంగా మారిన జన్యువులూ ఎగిరిపోతాయి.

1995లో ఇజ్రాయెల్‌కు చెందిన యోవ్ బెంజమిని, యోసెఫ్ హోచ్‌బెర్గ్ అసలు ప్రశ్ననే మార్చారు. ఒక్క తప్పూ ఉండకూడదనడం మాని, ప్రకటించిన జాబితాలో తప్పుల వాటా సగటున ఎంత ఉండవచ్చో ముందే నిర్ణయించుకుందామన్నారు. ఆ వాటాయే ఎఫ్‌డీఆర్, అంటే తప్పుడు ఆవిష్కరణల రేటు. ఆ వ్యాసం అచ్చు కావడానికి ఏళ్ళు పట్టింది, తిరస్కరణలూ ఎదుర్కొంది. విచిత్రం ఏమిటంటే, అది వెలువడిన ఏడాదే మైక్రోఅరే మీద మార్క్ షేనా బృందం వ్యాసమూ వచ్చింది. అందులో కొలిచినవి 45 జన్యువులే. నాలుగేళ్ళు తిరిగేసరికి వేల జన్యువులు కొలవడం మామూలైపోయింది. వెదకబోయినవాళ్ళకు మందు సిద్ధంగా కనిపించింది.

పద్ధతి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. పది జన్యువుల పి-విలువలు చిన్నదాని నుంచి పెద్దదానికి ఇలా ఉన్నాయనుకుందాం: 0.0004, 0.003, 0.016, 0.018, 0.022, 0.041, 0.12, 0.34, 0.56, 0.81. ఐదు శాతం రేటు కావాలంటే మొదటి ర్యాంకుకు హద్దు 0.005, రెండోదానికి 0.010, మూడోదానికి 0.015, ఇలా 0.005 చొప్పున పెరుగుతుంది. ఇప్పుడు అడుగు నుంచి పైకి రావాలి. పదో దాని నుంచి ఏడో దాని వరకు అన్నీ తమ హద్దులు దాటాయి. ఆరోది 0.041, దాని హద్దు 0.030, కాబట్టి దాటింది. ఐదోది 0.022, హద్దు 0.025, లోపలే ఉంది. అక్కడ ఆగి మొదటి ఐదింటినీ తీసుకుంటాం. మూడోది తన సొంత హద్దును దాటినా జాబితాలోనే ఉంటుంది. పై నుంచి లెక్కపెట్టి మూడో దగ్గరే ఆగిపోవడం కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటు. బొన్‌ఫెరోనితో రెండే మిగిలేవి, దిద్దుబాటు లేకుంటే ఆరు వచ్చేవి. p లో ఆ పది విలువలూ ఉంటే ఆర్ భాషలో ఇదంతా ఒక్క వరుస, అది ఇచ్చే విలువల్లో 0.05 మించనివే మన జాబితా:

```r
p.adjust(p, method = "BH")
```

పరీక్షలు ఒకదానిపై ఒకటి ఆధారపడితే ఎలా అన్న ప్రశ్నకు 2001లో బెంజమిని, యెకుటియెలి జవాబిచ్చారు. కొన్ని రకాల అనుకూల సంబంధాలున్నా పద్ధతి నిలుస్తుందని చూపి, ఏ రకం సంబంధానికైనా పనికొచ్చే కఠినమైన రూపం కూడా ఇచ్చారు. జాన్ స్టోరీ క్యూ-విలువ ఆ తర్వాత కొద్దికాలానికే వచ్చింది.

లెక్క కంటే చెప్పడంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయని నా అభిప్రాయం. ఐదు శాతం రేటుతో 200 జన్యువుల జాబితా వచ్చిందంటే ఇలా రాస్తే చాలు: 'ఈ 200లో సుమారు పదింటి వరకు తప్పుడువి ఉండవచ్చు, అవేవో చెప్పలేం. జాబితాలో లేనివి మారలేదని మేం అనడం లేదు.' ఒక్కో జన్యువూ 95 శాతం నిజమని రాస్తే తప్పు. రేటు జాబితా మొత్తానిది. అడుగున అంచు మీద ఉన్నవాటిలో తప్పుల వాటా ఎక్కువ. ఆ రేటు కూడా ప్రయోగం పలుమార్లు చేస్తే వచ్చే సగటు, మన చేతిలోని ఒక్క జాబితాకు పూచీ కాదు. అందులోంచి నచ్చిన ఇరవై ఏరుకుంటే ఆ ఇరవైకి ఐదు శాతం వర్తించదు.

పి-విలువల బారుల పటం వేసి చూడటం మంచి అలవాటు. సున్నా దగ్గర ఎత్తు, మిగతా అంతా చదునుగా ఉంటే సరే. మధ్యలోనో ఒకటి వైపో గుట్ట లేస్తే పరీక్షలోనే లోపం ఉందేమో చూడాలి. అయితే ఈ పటం కూడా పట్టని లోపం ఒకటుంది. తెగులు మొక్కలన్నీ భూపాలపల్లి నుంచి, ఆరోగ్యమైనవన్నీ జనగామ చెలకల నుంచి తెచ్చామనుకోండి. వేల జన్యువులు మారినట్టే కనిపిస్తాయి, పటమూ అందంగా ఉంటుంది, రేటూ ఐదు శాతమే అంటుంది. కానీ తేడా తెగులుదో నేలదో చెప్పలేం. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌లో కనబడదు, ఏ మొక్క ఏ ఊరిదో రాసుకున్న కాగితంలోనే కనబడుతుంది. రెండు జిల్లాల్లోనూ రెండు రకాల మొక్కలూ తీసి, జిల్లాను కూడా లెక్కలో చేర్చాకే పి-విలువలను ర్యాంకు కట్టాలి.