ఆఖరి జీతానికి, మొదటి పింఛన్‌కు నడుమ నాలుగు నెలలు

మా బావ ఒక స్పిన్నింగ్ మిల్లుల 11 ఏండ్లు చేసిండు. 2014 డిసెంబర్‌ల చేరిండు, 2025 నవంబర్ ఆఖరుకు 58 నిండినయ్. ఆఖరి జీతం డిసెంబర్ మొదటి వారంల పడ్డది. పీఎఫ్ పింఛన్ మాత్రం ఏప్రిల్ల గాని రాలే. నడుమ ఇల్లు గడువనీకి 30 వేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిండు. నాలుగు నెలలకు వడ్డీనే 3,600.

పింఛన్ లెక్క చిన్నదే. సగటు జీతాన్ని సర్వీసు ఏండ్లతోని గుణించి 70తోని భాగిస్తరు. బావ సగటు జీతం 14 వేలు, అంటే నెలకు 2,200. ఆలస్యమైనా హక్కు పోదు, 58 నిండిన కాడికెల్లి బకాయి లెక్కగట్టి ఇస్తరు. బావకు నాలుగు నెలల 8,800 ఒక్కసారే వచ్చినయ్. అండ్లకెల్లి వడ్డీ తీసేస్తే చేతికి మిగిలింది 5,200.

ఆలస్యం ఎక్కడ అయ్యింది? పోర్టల్ల View కింద Service History తెరిస్తే DOE EPS కాడ ఖాళీ ఉన్నది. అంటే కంపెనీ ఆయన బయటికి పోయిన తారీఖే ఎక్కియ్యలే. అది లేకుంటే పింఛన్ ఫారం 10డి ముందటికి పోదు. మనమే Manage కింద Mark Exit కొట్టొచ్చు గని, ఆఖరి చందా పడ్డంక రెండు నెలలు ఆగాలె. అందుకే ఆఖరి దినం నాడే కంపెనీల కూసోని ఎక్కిపియ్యుండ్రి. ఇంకోటి, ఆధార్ల పుట్టిన తారీఖు ఒకటి, పీఎఫ్‌ల ఇంకొకటి ఉండె. దిద్దాలంటే కంపెనీ సంతకం కావాలె. కొలువుల ఉన్నప్పుడు సంతకం దొరుకుతది, దిగినంక గేటు కాన్నే ఆపుతరు. మీ నాయిన పాస్‌బుక్ 57 ఏండ్లకే తెరిచి చూడుండ్రి.

నడుమ నెలలకు అప్పు కన్నా ముందుగాల గ్రాచ్యుటీ అడగాలె. ఆఖరి మూల వేతనం, డీఏ కలిపి 15తోని గుణించి, 26తోని భాగించి, ఏండ్లతోని గుణిస్తే వస్తది. బావకు 88,846. చట్టం ప్రకారం 30 రోజుల్ల ఇయ్యాలె, ఆలస్యమైతే వడ్డీ కట్టాలె. మేం నోటిమాటగ అడిగినన్ని దినాలు మేనేజరు తిప్పిండు. కాగితం మీద రాసి, నకలు మీద ముద్ర ఏపిచ్చుకున్నంకనే కదిలిండు. ఈ తప్పు నాదే, ముందే రాపియ్యాల్సింది.

పీఎఫ్ సొమ్ముకు ఫారం 19. 55 దాటి రిటైరైనోళ్లకు ఆగుడు లేదు, గని దీనికి గూడ ఆ బయటికి పోయిన తారీఖే కావాలె.

10డి అన్ని సరిగ్గ పెట్టినంక 20 రోజుల్ల తేల్చాలె. తేల్చకుంటే EPFiGMS ల ఫిర్యాదు పెట్టి, నంబరు రాసి పెట్టుకోండ్రి.