ఒడ్డునబడిన ఓడసరకు ఎవరిది?

తుపాను తాకిడికి ఓడ పగిలి, అందలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో ఆ సరకు రాజుగారిది! ప్రాణములు దక్కించుకొని తీరము చేరిన వర్తకుడు, తన మూటలను రాజభటులు మోసికొని పోవుచుండగా చూచుచు నిలువవలసినదే. ఇది ఓడదొంగల కథ కాదు. పూర్వపు రాజులు ఇట్లు చేయుచుండిరని సాక్షాత్తు ఒక తెలుగురాజే తన శాసనమున చెప్పుకొనినాడు. ఆయన కాకతీయ గణపతిదేవ మహారాజు.

నేటి బాపట్ల జిల్లాలో, చీరాలకు దక్షిణముగా, సముద్రతీరమున మోటుపల్లి యను గ్రామము కలదు. అచటి వీరభద్రాలయమున ఒక రాతికంబముపై ఈ శాసనము చెక్కబడియున్నది. కాలము శకవర్షము 1166, అనగా క్రీ.శ. 1244-45. సముద్రవర్తకులకు భయము లేదని మాట యిచ్చినది గనుక దీనికి అభయశాసనమని పేరు వచ్చినది.

శాసనములోని విషయము సూటిగా నున్నది. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవు ఓడలు గాలివానకు చిక్కి, పగిలి, ఒడ్డునబడినప్పుడు వానిలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మొదలైన సరకునంతటిని పూర్వరాజులు బలవంతముగా తీసికొనుచుండిరట. ధనము ప్రాణముకంటెను గొప్పదని తలచి సముద్రయాత్రకు తెగించిన ఆ వర్తకులయెడ దయగలిగి, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నియమితమైన సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడిచిపెట్టుచున్నామని గణపతిదేవుడు ప్రకటించెను.

ఆ సుంకము ఎంత? ఎగుమతులమీదను దిగుమతులమీదను ముప్పదింట ఒకవంతు. ఒక లెక్క వేసి చూతము. ఒడ్డు చేరిన సరకు విలువ మూడువేల మాడలనుకొందము. పాత ఆచారము ప్రకారము మూడువేలును రాజుపాలే. క్రొత్త కట్టడి ప్రకారము రాజునకు చెందునది నూఱు మాడలు; వర్తకునికి మిగులునది రెండువేల తొమ్మిదివందలు. అంతటితో ఆగక చందనము, కర్పూరము, చీనాకర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, రాగి, పగడములు, పట్టు, మిరియములు, పోకలు మొదలైన వానిపై ఎంతెంత తీసికొనవలయునో శాసనము విడివిడిగా చెప్పినది. లెక్క రాతిపై నుండగా సుంకరి తన యిష్టము వచ్చినంత అడుగుట సులభము కాదు. వర్తకునికి ఇదియును ఒక అభయమే.

దయ, కీర్తి, ధర్మము అను మూడు కారణములను రాజు చెప్పెను. వాని ప్రక్కన మఱియొక ప్రయోజనమును మనము ఊహింపవచ్చును. పగిలిన ఓడను దోచుకొనుట ఒక్కసారి వచ్చు లాభము. ఓడలు నిర్భయముగా వచ్చిపోవుచున్నచో ముప్పదింట ఒకవంతు ఏటేట వచ్చుచునే యుండును. తీరమునకు దూరముగా ఓరుగల్లున రాజధాని గల కాకతీయులకు ఇట్టి రేవు ఎంత అవసరమో వేఱుగ చెప్పనక్కఱలేదు.

తరువాత ఈ సీమనుగూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుడు మార్కోపోలో దీనిని ముత్ఫిలి యని పిలిచినాడు. మోటుపల్లి పేరే అట్లు మాఱినదని పండితులు గుర్తించిరి. ఇచటి సన్నని వస్త్రములను, న్యాయముగా ఏలిన రాణిని అతడు మెచ్చుకొనినాడు. కాని అతడు చెప్పినదంతయు నమ్మదగినది కాదు. ఆ రాణి గతించిన రాజునకు భార్య యని అతడు వ్రాసెను. రుద్రమదేవి గణపతిదేవుని కుమార్తె యని 1261 నాటి మల్కాపుర శాసనము స్పష్టముగా తెలుపుచున్నది. పాములున్న లోయలోనికి మాంసఖండములు విసరగా, వానికి అంటుకొనిన వజ్రములను గ్రద్దలు పైకి తెచ్చునన్న కథను కూడ అతడు చెప్పెను. అట్టి కథ అతనికి ఎన్నో శతాబ్దుల ముందే ఇతర దేశములనుగూర్చి వ్యాపించియున్నది. కనుక రేవున్నదనుటకు యాత్రికుని మాట తోడ్పడును. రేవులోని న్యాయమునకు మాత్రము రాతిమాటయే ఆధారము.

1323లో ఓరుగల్లు పడిపోయినది. అభయమిచ్చిన రాజవంశము అంతరించినది. తరువాత 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో మఱల వర్తకులకు శాసనము వ్రాయించి యిచ్చెను. వచ్చి స్థిరపడువారికి భూములిత్తుమనియు, వారిని నిర్బంధింపమనియు, సంతానము లేక చనిపోయిన వర్తకుని సొత్తును రాజు తీసికొను ఆచారమును విడిచితిమనియు అందు కలదు. నూటపదునాలుగేండ్ల క్రిందట మునిగిన ఓడసరకును వర్తకునికి విడిచిన రేవులోనే, ఈసారి మరణించిన వర్తకుని సొత్తును రాజు విడిచినాడు.