వియత్నామీయుల వ్యక్తినామాలు

వియత్నాంలో అధిక సంఖ్యాకులైన కిన్ జాతివారి పేరులో మొదట వంశనామం, నడుమ మధ్యనామం, చివర సొంత పేరు ఉంటాయి. తెలుగువారి ఇంటిపేరు వలెనే ఇక్కడ కూడా వంశనామం ముందు వస్తుంది కాని, దానిని పొడి అక్షరానికి కుదించే అలవాటు వారికి లేదు. వివాహానంతరం కూడా స్త్రీ పుట్టింటి వంశనామంతోనే కొనసాగుతుంది.

వంశనామాలు చైనా పాలనాకాలంలో స్థిరపడ్డాయి. 1225లో లీ వంశం నుండి రాజ్యాన్ని గ్రహించిన ట్రాన్ వంశం, తమ పూర్వికుడైన ట్రాన్ లీ పేరును ప్రజలు ఉచ్చరించరాదన్న నెపంతో, 1232లో లీ వంశీయులందరూ న్గుయెన్ అనే వంశనామం స్వీకరించాలని ఆజ్ఞాపించింది; పాత రాజవంశపు ఆనవాళ్లను చెరిపివేయడమే దాని అసలు ఉద్దేశం. అనంతర శతాబ్దాలలోనూ ఈ వంశనామం వ్యాపిస్తూ వచ్చి, నేడు దేశజనాభాలో సుమారు మూడవ వంతు మంది దీనినే ధరిస్తున్నారు.

మధ్యనామాలలో పురుషులకు ‘వాన్’, స్త్రీలకు ‘తి’ అన్నవి చిరకాలం వాడుకలో ఉండి, పేరు వినగానే స్త్రీపురుష భేదం తెలిపేవి. నేటి తల్లిదండ్రులు వీటిని క్రమంగా విడిచిపెడుతున్నారు. మధ్యనామాన్ని తరాల లెక్కకు వినియోగించినవాడు హుయే నగరం నుండి పాలించిన న్గుయెన్ చక్రవర్తి మిన్ మాంగ్. ఆయన 1823లో ఇరవై పదాల పద్యం రచించి, తన సంతతిలో ఒక్కొక్క తరం మగవారు అందులోని ఒక్కొక్క పదాన్ని వరుసగా పేరులో చేర్చుకోవాలని శాసించాడు. ఈ చక్కని ఏర్పాటు వల్ల ఖాయ్ దిన్ చక్రవర్తి పేరులో ‘బూ’, ఆయన కుమారుడు బావో దాయ్ జన్మనామంలో ‘విన్’, మనుమడి పేరులో ‘బావో’ కనిపిస్తాయి. ఇరవై పదాలు పూర్తి కాకముందే 1945లో రాచరికం ముగిసింది.

ఒకే వంశనామం లక్షలమందికి ఉన్నందున మనిషిని గుర్తించేది సొంత పేరే. గౌరవ సంబోధన కూడా దానికే చేరుతుంది. వో న్గుయెన్ గియాప్‌ను జనరల్ గియాప్ అన్నారే గాని జనరల్ వో అనలేదు. సాధారణ సంభాషణలో ఈ పేరుకు ముందు వయసును బట్టి తాత, అవ్వ, అన్న, అక్క అనే అర్థాలు గల ఓంగ్, బా, ఆన్, చి అన్న బంధువాచకాలు చేరుస్తారు. పెద్దవారిని ఉత్త పేరుతో పిలవడం అమర్యాద. హో చి మిన్‌ను ‘హో పెదనాన్న’ అని వంశనామంతో పిలవడం అరుదైన మినహాయింపు.

సొంత పేరు చివర రావడం వల్లనే విదేశీ దరఖాస్తులలో చిక్కు వస్తుంది. 1973 పారిస్ ఒప్పందంపై సంతకం చేసిన న్గుయెన్ తి బిన్ పేరునే ఉదాహరణగా తీసుకుంటే, వంశనామపు గడిలో NGUYEN అనీ, సొంత పేరు గడిలో THI BINH అనీ రాయాలి. మధ్యనామానికి వేరే గడి ఉంటే THI అందులోకి వెళ్తుంది. చివరి పదాన్ని ఇంటిపేరుగా భావించి BINHను వంశనామపు గడిలో వేస్తే, పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే NGUYEN<<THI<BINH అన్న వరుసతో దరఖాస్తులోని పేరు పొసగదు. ఆ వరుసలో జంట గుర్తుకు ముందున్నది వంశనామం, తరువాతిదంతా సొంత పేరు. స్వరచిహ్నాలు అందులో ముద్రించరు.