గగన్‌పహాడ్ గండి, సూయజ్ కాలువ, సరుకు పంపని సప్లయర్

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు శంషాబాద్ దారిలో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువుకు గండి పడింది. ఆ నీరు బెంగళూరు జాతీయ రహదారి మీదుగా పారింది. రోడ్డు కొట్టుకుపోయింది, వాహనాలు తేలిపోయాయి, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఎయిర్‌పోర్టు వైపు, కర్నూలు వైపు వెళ్లేవాళ్లను ఔటర్ రింగు రోడ్డు మీదికి మళ్లించారు. ఇక్కడ మనకు కావలసింది ఆ మళ్లింపే. ఎందుకంటే వరద వచ్చినప్పుడు కోర్టు మొదట చూసేది నీటి లోతును కాదు, ఇంకో దారి ఉందా లేదా అన్నదాన్ని.

ఒక ఊహా లెక్క వేద్దాం. కాటేదాన్‌లో అట్టపెట్టెలు చేసే ఒక కార్ఖానా ఉంది. ఎయిర్‌పోర్టు దగ్గరి గోదాముకు అక్టోబర్ 15 నాటికి ఐదు వేల పెట్టెలు దించాలన్నది ఒప్పందం. మామూలుగా లారీ గగన్‌పహాడ్ మీదుగా పోతుంది. ఆ దారి తెగింది. రెండోది పహాడీ షరీఫ్ మీదుగా పోయే శ్రీశైలం రోడ్డు. అయితే దానికి ముందు వచ్చే చాంద్రాయణగుట్ట వైపు కాలనీలు కూడా ఆ రాత్రి మునిగాయి. ఇక మిగిలింది ఔటర్. చుట్టు తిరగాలి, డీజిల్ ఎక్కువ, టోలు కట్టాలి, లారీవాడు బాడుగ పెంచుతాడు. ఒప్పందంలో వరదల మాట ఉంది కదా, ఇక సరుకు పంపనక్కర్లేదని యజమాని అనవచ్చా?

దీనికి జవాబు 1956లో సూడాన్ వేరుశనగల దగ్గర దొరుకుతుంది. ఆ అక్టోబర్‌లో ఒక వ్యాపారి మూడు వందల టన్నుల వేరుశనగ గింజల్ని జర్మనీలోని హాంబర్గ్‌కు పంపుతానని ఒప్పుకున్నాడు. నవంబర్, డిసెంబర్ నెలల్లో పోర్ట్ సూడాన్‌లో ఓడకెక్కించాలి. నవంబర్ 2న సూయజ్ కాలువ మూతపడింది. ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి పోవాలంటే దూరం రెండున్నర రెట్లు. టన్నుకు ఏడున్నర పౌన్ల రవాణా ఖర్చు పదిహేను పౌన్లకు చేరింది. ఒప్పందంలో యుద్ధం, సమ్మె, అంటురోగంతో పాటు 'ఫోర్స్ మజూర్' అన్న మాట కూడా ఉంది. వ్యాపారి సరుకు పంపలేదు. 1961లో ఇంగ్లండు ప్రభువుల సభ అతడి వాదనను కొట్టేసింది. ఆ నిబంధన రక్షించేది ఓడకెక్కించడం ఆగిపోతేనే, పోర్ట్ సూడాన్‌లో ఎక్కించడానికి ఏ అడ్డూ లేదు, దారి పొడవైతే ఖర్చు పెరుగుతుందే తప్ప ఒప్పందం స్వరూపం మారదు అన్నారు. మన సుప్రీంకోర్టు 2017లో బొగ్గు ధరల వివాదంలో ఈ వేరుశనగల కేసును గుర్తు చేసుకుంది.

కాబట్టి మన అట్టపెట్టెల యజమాని ఔటర్ మీదుగా పంపాల్సిందే. 14వ తేదీన నిజంగా అన్ని దారులూ మూసుకుపోతే, నిబంధన ప్రకారం ఆ మేరకు గడువు దొరుకుతుంది. లారీ బాడుగ పెరిగిందన్నది మాత్రం అతడి కష్టమే.

నీరు కార్ఖానాలోకే వచ్చి పెట్టెలన్నీ తడిసిపోతే? ఇక్కడ ఒప్పందంలోని సరుకు వర్ణన తీర్పు చెబుతుంది. 'ఫలానా గోదాములో ఇప్పుడు ఉన్న ఫలానా పెట్టెలు' అని గుర్తుపట్టి రాసుకుని ఉంటే, అమ్మినవాడి తప్పు లేకుండా అవి నాశనమైతే ఒప్పందం రద్దవుతుంది. సరుకుల విక్రయ చట్టం ఎనిమిదో సెక్షన్ చెప్పేది అదే. 'ఐదు వేల అట్టపెట్టెలు' అని మాత్రమే రాసుంటే ఇంకో కార్ఖానాలో కొనైనా ఇవ్వాలి. ఒకప్పుడు సుప్రీంకోర్టుకు వచ్చిన గుడ్డల బేళ్ల కేసులో వర్తకుడు అన్నది కూడా ఇలాంటిదే: కాన్పూరు మిల్లు తనకు సరుకు ఇవ్వలేదు గనుక తానూ ఇవ్వలేకపోయాడట. మిల్లు ఇస్తేనే ఇస్తానని నువ్వు షరతు పెట్టుకోలేదు కదా అంది కోర్టు.

చట్టం పునాది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఒప్పందంలో ఇలాంటి నిబంధన ఉంటే 32వ సెక్షన్ కిందికి వస్తుంది, అక్కడ రాసుకున్న మాటలే దిక్కు. నిబంధనే లేకపోతే 56వ సెక్షన్, అంటే పని అసాధ్యమైపోవడం. ఆ రెండో గుమ్మం చాలా ఇరుకు. నా దృష్టిలో చిన్న వ్యాపారులు నష్టపోయేది ఇక్కడే. కొటేషన్ వెనకవైపు అచ్చు వేసిన నిబంధనలను చదవకుండా సంతకం పెడతారు, తీరా వరద వచ్చాక 'దేవుడి పని' అంటూ లాయరు దగ్గరకు పరుగెత్తుతారు.

నెల్లూరు జిల్లా కృష్ణపట్నం ఉదంతం ఇంతకంటే పెద్దది. అక్కడ నాలుగు వేల మెగావాట్ల విద్యుత్ కేంద్రం కడతామని, దిగుమతి బొగ్గుతో నడుపుతామని, ఆ తర్వాత రిలయన్స్ పవర్ చేతికి వచ్చిన కోస్టల్ ఆంధ్ర పవర్ 2007లో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల డిస్కంలతో ఒప్పందం చేసుకుంది. బొగ్గు తెచ్చుకోవాలనుకున్నది ఇండోనేసియా నుంచి. 2010లో అక్కడి ప్రభుత్వం తక్కువ ధరకు బొగ్గు ఎగుమతి చేయడానికి వీల్లేదంది. కంపెనీ పని ఆపేసింది, డిస్కంలు రద్దు నోటీసు ఇచ్చాయి. కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లినా 2012లో ఊరట దొరకలేదు. బొగ్గు మాయం కాలేదు, ఖరీదైంది. ఇంధనం ధర మారడాన్ని ఆ ఒప్పందమే ఫోర్స్ మజూర్ జాబితాలోంచి తీసేసింది. ఇదే ఇండోనేసియా బొగ్గు మీద గుజరాత్‌లోని ముంద్రా కేంద్రాల గొడవ సుప్రీంకోర్టుకు వెళ్తే, 2017లో అక్కడా ధర పెరగడం ఫోర్స్ మజూర్ కాదనే తేలింది.

సమ్మెల సంగతి కాస్త వేరు. నిబంధనలో 'సమ్మె' అని రాసున్నంత మాత్రాన చాలదు, అది ఎవరి సమ్మె అన్నది చూస్తారు. తన కార్ఖానాలో తన కూలీలే పని మానేస్తే అది తన ఇంటి గొడవ అని చాలా పెద్ద ఒప్పందాలు ముందే రాసుకుంటాయి. తేదీ కూడా ముఖ్యం. 2019 అక్టోబర్ 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె యాభై రోజులకు పైగా సాగింది. అక్టోబర్ 20న ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు బస్సుల్లేక మనుషులు రాలేదంటే, అది తెలిసే సంతకం పెట్టావు కదా అన్న ప్రశ్న ఎదురవుతుంది.

లాక్‌డౌన్ నాటికి ప్రభుత్వమే కాగితం మీద కొన్ని గీతలు గీసింది. 2020 ఫిబ్రవరి 19న కేంద్ర ఆర్థిక శాఖ, కరోనా వల్ల సరఫరా ఆగితే ప్రభుత్వ కొనుగోళ్లలో దాన్ని ప్రకృతి విపత్తుగా పరిగణించవచ్చని చెప్పింది. ఆ ఉత్తర్వులోనే చాలామంది వదిలేసే మాటలు రెండున్నాయి: ఈ నిబంధన బాధ్యతను పూర్తిగా తీసేయదు, విపత్తు ఉన్నంతకాలం ఆపుతుంది; ఘటన జరగ్గానే నోటీసు ఇవ్వాలి, తర్వాత తీరిగ్గా చెబితే కుదరదు. తొంభై రోజులు దాటినా పని సాగకపోతేనే ఏ పక్షమైనా ఒప్పందాన్ని ముగించుకోవచ్చు. మే 13న ఇంకో ఉత్తర్వు మూడు నుంచి ఆరు నెలల గడువు పెంచింది, ఫిబ్రవరి 19 నాటికే బాకీ పడ్డవాళ్లకు మాత్రం ఇవ్వలేదు.

ఈ చివరి షరతు లాంటి ఆలోచనే అదే నెల 29న ఢిల్లీ హైకోర్టు వేదాంత, హాలిబర్టన్ కేసులోనూ కనిపించింది. రాజస్థాన్ చమురు బావుల పనిలో హాలిబర్టన్ లాక్‌డౌన్‌కు నెలల ముందు నుంచే వెనకబడి ఉంది. 2019 సెప్టెంబర్ నుంచి ఉన్న జాప్యానికి 2020 మార్చి లాక్‌డౌన్ సాకు కాదంటూ, బ్యాంకు గ్యారంటీల సొమ్ము తీసుకోకుండా వేదాంతను ఆపడానికి కోర్టు నిరాకరించింది.

మళ్లీ మన ఊహా యజమాని విషయానికొస్తే, పెట్టెలు అక్టోబర్ 1కే చేరాల్సి ఉంటే 13 నాటి వరద అతడికి అక్కరకు రాదు. 15కే చేరాల్సి ఉంటే 14న ఫోటోలతో, రోడ్డు మూసివేత ప్రకటనతో, ఎన్ని రోజులు ఆలస్యమవుతుందో రాసి మెయిల్ పెట్టాలి. ఒకవేళ ఒప్పందం నిజంగానే రద్దయిపోయిందనుకున్నా, పెట్టెల మీద తీసుకున్న అడ్వాన్సు అతడి దగ్గర ఉండదు. కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్ ప్రకారం దాన్ని కొన్నవాడికి తిరిగి ఇవ్వాలి.