నూట అరవై మొక్కలు, ఎనిమిది మళ్లు

పీహెచ్‌డీ విద్యార్థులు ఎక్కువగా భయపడేది వైవాకు కాదు. గైడ్ నుంచి "చాప్టర్ మళ్లీ రాయాలి" అని మెయిల్ వచ్చే రోజుకు. ఆ మెయిల్ గైడ్ మూడ్‌ను బట్టి పుడుతుందని చాలామంది అనుకుంటారు. వ్యవసాయ శాస్త్రంలో తరచుగా రాయాల్సివచ్చే అలాంటి మెయిల్ ఒకటి తీసుకుని, అందులోని మాట ఎక్కడ మొదలై అక్కడిదాకా వచ్చిందో చెబుతాను. దాని వెనక వందేళ్లకు పైబడిన కథ ఉంది.

ముందు చాప్టర్ సంగతి. అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను అమర్చినవి. పొరపాటు మాత్రం నిజంగా జరిగేదే. రాయలసీమ ఎర్రనేలలో వేరుశనగ. వర్మీకంపోస్ట్ వేస్తే కాయ బరువు పెరుగుతుందా అన్నది ప్రశ్న. వాలుగా ఉన్న పొలాన్ని నాలుగు బ్లాకులు చేశారు. ఒక్కో బ్లాకులో రెండు మళ్లు. ఏ మడికి ఎరువు వెయ్యాలో చీటీలు తీసి తేల్చారు. కోత సమయంలో మడికి ఇరవై మొక్కలు పీకి, కాయలు ఎండబెట్టి తూచారు. అంటే ఎరువు వేసినవి ఎనభై మొక్కలు, వెయ్యనివి ఎనభై. ఎరువు వైపు సగటు మొక్కకు 13.5 గ్రాములు, వెయ్యని వైపు 11.9. తేడా 1.6 గ్రాములు. నూట అరవై మొక్కల మీద టీ-టెస్ట్ చేస్తే టీ విలువ 3.6 వచ్చింది. ఎరువుకు ఏ ప్రభావమూ లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం వెయ్యిలో ఒకటి కూడా లేదని ఆ లెక్క చెప్పింది. చాప్టర్ అంతా ఆ ధీమా మీదే నడిచింది.

అనుభవమున్న గైడ్ ఇలాంటి చాప్టర్‌ను మొదటి పేజీ నుంచి చదవరు. ముందు పొలం నక్షా చూస్తారు, ఆ వెంటనే పట్టికల కింద సన్నక్షరాల్లో ఉండే సంఖ్య చూస్తారు. ఇక్కడ నక్షాలో ఎనిమిది గళ్లున్నాయి. పట్టిక కింద "మొత్తం పరిశీలనలు 160" అని ఉంది. ఈ రెండూ పొసగవు. ఎరువు మొక్కమొక్కకు విడిగా వెయ్యలేదు, మడికి వేశారు. ఎరువు సంగతి చెప్పగల సాక్షులు ఎనిమిది మళ్లే. ఒకే మడిలోని ఇరవై మొక్కలకు నేల ఒకటే, తడి ఒకటే, ఆ మూలకు పట్టిన తెగులు కూడా ఒకటే. అవి ఒకే సాక్షి ఇరవైసార్లు చెప్పిన మాట.

ఇది కనిపెట్టడానికి మనుషులకు చాలా కాలం పట్టింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో జాన్ బెనెట్ లాస్, జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్ 1843లో బ్రాడ్‌బాక్ అనే పొలంలో గోధుమ మీద ఎరువుల ప్రయోగం మొదలుపెట్టారు. పొడవాటి పట్టీలు, ఒక్కో పట్టీకి ఒక్కో రకం ఎరువు, ఏటా దాదాపు అదే. అందులో రెప్లికేషన్ లేదు. ఒక పట్టీలో దిగుబడి ఎక్కువొస్తే అది ఎరువు వల్లా, ఆ పట్టీ కింద నేల మంచిదవడం వల్లా అని అడిగితే, పెద్ద తేడాల విషయంలో అనుమానమే అక్కర్లేదు గానీ చిన్న తేడాల విషయంలో జవాబు దొరకదు. దశాబ్దాల తరబడి పోగుపడిన ఆ లెక్కల్లోంచి ఏమైనా తియ్యగలడేమో చూద్దామని 1919లో రోనాల్డ్ ఫిషర్ అనే యువ గణితవేత్తను అక్కడికి తెచ్చారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఆ తర్వాత వస్తుంది. 1923లో ఫిషర్, వినిఫ్రెడ్ మెకెంజీ కలిసి బంగాళదుంపల ప్రయోగం ఒకటి విశ్లేషించి ప్రచురించారు. పన్నెండు రకాల దుంపలు, ఒక్కో రకానికి మూడేసి మళ్లు. పైగా ప్రతి మడిలోనూ మూడు సాళ్లు, ఒక్కో సాలుకు పొటాష్ విషయంలో ఒక్కో తీరు. అంటే దుంప రకం మారేది మడి స్థాయిలో, పొటాష్ మారేది సాలు స్థాయిలో. ఆ వ్యాసంలో రెండింటినీ ఒకే కొలబద్దతో కొలిచారు. ఒకే మడిలోని సాళ్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయన్నది లెక్కలోకి రాలేదు. రెండేళ్లకే, 1925లో వచ్చిన పరిశోధకుల గణాంక పుస్తకంలో, ఫిషర్ అదే దుంపల ప్రయోగాన్ని మళ్లీ తీసుకుని మరోలా లెక్కగట్టాడు. రకాల మధ్య తేడాను మడికీ మడికీ ఉండే హెచ్చుతగ్గులతో పోల్చాడు, పొటాష్ తేడాను మడిలోపలి సాళ్ల హెచ్చుతగ్గులతో పోల్చాడు. ఈనాడు ఎమ్మెస్సీ అగ్రికల్చర్ పిల్లలు చదివే స్ప్లిట్ ప్లాట్ విశ్లేషణ అక్కడిదే. ఆ రంగాన్ని నిర్మించినవాడే తన లెక్కను తానే తిరగరాసి చూపించాడు కాబట్టి, మన విద్యార్థికి వచ్చే మెయిల్‌లో అవమానం వెతుక్కోనక్కర్లేదని నా ఉద్దేశం. ఫిషర్ గైడ్‌గా కూడా పనిచేశాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ అందుకున్నది ఆయన దగ్గరే.

పుస్తకాల్లోకి ఎక్కినంత మాత్రాన పొరపాటు ఆగలేదు. 1984లో స్టువర్ట్ హర్ల్‌బర్ట్ అనే జీవావరణ శాస్త్రవేత్త 176 ప్రయోగ వ్యాసాలు తిరగేసి చూస్తే, గణాంక పరీక్షలు వాడినవాటిలో దాదాపు సగం ఇదే గుంటలో పడి ఉన్నాయి. దానికాయన పెట్టిన పేరు సూడోరెప్లికేషన్. పేరు దొరికాక పని సులువైంది. అంతకుముందు గైడ్ అరపేజీ వివరించాల్సిన లోపానికి ఇప్పుడు మార్జిన్‌లో ఒక్క ముక్క చాలు. చిక్కల్లా అక్కడే ఉంది. ఆ ఒక్క ముక్క మాత్రమే పంపితే విద్యార్థి దాన్ని గూగుల్ చేసి, ఒక వాక్యం మార్చి, చాప్టర్ తిప్పి పంపుతుంది. అందుకే మంచి గైడు కూర్చుని మెయిల్ రాస్తారు. అది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"అమ్మా, నాలుగో చాప్టర్ పూర్తిగా చదివాను. పొలం పని శ్రద్ధగా చేశావు. చీటీలు తీసి మళ్లు కేటాయించడం, తేదీలన్నీ ఫీల్డ్ బుక్‌లో ఉండడం చూసి సంతోషించాను. కానీ విశ్లేషణ మార్చాలి. దాంతోపాటు చర్చ కూడా చాలావరకు తిరిగి రాయాలి. ఎందుకో చెబుతాను.

నువ్వు ఎరువు వేసింది మళ్లకు. లెక్క కట్టింది మొక్కలతో. ఒకే గిన్నెలోంచి ఇరవై మెతుకులు పట్టి చూస్తే ఆ గిన్నెలో అన్నం ఉడికిందని గట్టిగా తెలుస్తుంది, పక్క పొయ్యి సంగతి తెలియదు. మడికి ఇరవై మొక్కలు తూచినందువల్ల ఆ మడి సగటు నమ్మకంగా తెలిసింది, అంతవరకే. కాబట్టి ముందు ఎనిమిది సగటులు రాసుకో. బ్లాకుల వారీగా ఎరువు వేసింది, వెయ్యనిది: 14.2, 12.1. 11.8, 10.3. 15.6, 13.4. 12.4, 11.8.

వీటిని బ్లాకులు పట్టించుకోకుండా నాలుగూ నాలుగూ పోలిస్తే టీ విలువ 1.5కి పడిపోతుంది, కావలసింది 2.45. అది చూసి కంగారుపడకు, ఆ లెక్క కూడా సరైంది కాదు. రెండో బ్లాకు చూడు, రెండు మళ్లూ తక్కువే. అక్కడ నేల పల్చన. మూడో బ్లాకులో రెండూ ఎక్కువే. బ్లాకులు వేసింది ఈ నేల తేడాను పక్కకు తియ్యడానికేగా. బ్లాకులోపలి తేడాలు తీసుకో: 2.1, 1.5, 2.2, 0.6. సగటు అదే 1.6. టీ విలువ 4.35, పట్టిక అడిగేది 3.18. ఎరువు పనిచేసిందని చెప్పవచ్చు. అయితే లాభం 0.4 నుంచి 2.8 గ్రాముల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. 'గణనీయంగా పెరిగింది' అన్న మాట తీసేసి ఈ హద్దులు రాయి.

అసలు ఇబ్బంది ఆకుల పచ్చదనం దగ్గరుంది. క్లోరోఫిల్ మీటర్ రీడింగుల్లో బ్లాకుల వారీ తేడాలు నేను తీశాను: 3 ఎక్కువ, 1 తక్కువ, 4 ఎక్కువ, 2 తక్కువ. రెండు బ్లాకుల్లో పెరిగింది, రెండింటిలో తగ్గింది. మొక్కల లెక్కలో ఇది తేడాగా కనబడింది, మళ్ల లెక్కలో నిలబడదు. నువ్వు చర్చలో ఎరువు వల్ల ఆకు పచ్చబడి, దానివల్ల కాయ నిండిందని ఆరు పేజీలు రాశావు. మధ్య మెట్టు లేనప్పుడు ఆ వాదన ఉండదు. ఆ పేజీలు తీసెయ్యి. నేల తేమ రీడింగులు నీ దగ్గరున్నాయి కదా, వాటిని కూడా ఇలాగే బ్లాకుల వారీగా తీసి నాకు చూపించు. రాయడం తర్వాత చూద్దాం.

మొక్కల స్థాయి అంకెలు పారేయకు, అనుబంధంలో పెట్టు. కావాలంటే మడిని, బ్లాకును లెక్కలోకి తీసుకునే మిశ్రమ నమూనాలో మొక్కల అంకెలే వాడుకోవచ్చు. మళ్లన్నిట్లో మొక్కలు సమానంగా ఉన్నాయి కాబట్టి సగటులతో చేసినా దాదాపు అదే జవాబు వస్తుంది. సగటుల దారి ముందు చెయ్యి, అది చేత్తో సరిచూసుకోవచ్చు."

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. గైడ్ తప్పు పేరు ఎక్కడా రాయలేదు. కాగితం మీద కూడి తీసివేసి చూసుకోగల ఎనిమిది అంకెలు ఇచ్చారు. విద్యార్థి గైడ్ మాట నమ్మాల్సిన పని లేదు. లెక్క చేస్తే తనకే తెలుస్తుంది. చాప్టర్లో ఏది పోతుందో, ఏది మిగులుతుందో కూడా విడదీశారు. "మేజర్ రివిజన్" అని మాత్రమే అని వదిలేసే మెయిళ్లలో లోపించేది ఈ విడదీయడమే. అప్పుడు విద్యార్థి నిలబడగల భాగాన్ని కూడా కూల్చుకుంటుంది, లేదా కూలాల్సినదానికి కొత్త రిఫరెన్సులు దన్నుపెడుతుంది.

ఈ మార్గానికి హద్దులున్నాయి. ఇక్కడ బ్లాకులు, చీటీలు ఉండబట్టి చాప్టర్ బతికింది. పొలాన్ని రెండు సగాలు చేసి ఒకవైపే ఎరువు వేసి ఉంటే, ఎన్ని వందల మొక్కలు తూచినా ఏ లెక్కా దాన్ని కాపాడలేదు. బ్రాడ్‌బాక్ పట్టీల పరిస్థితే. అప్పుడు గైడ్ రాయాల్సిన మెయిల్ వేరు: గణాంక పరీక్షలు తీసేసి, చూసింది చూసినట్టు వర్ణించమని, లేదా మరో ఖరీఫ్ పొలం వెయ్యమని.

విద్యార్థి ఇలాంటి మెయిల్‌కు జవాబుగా సహజంగా అడిగేది ఒకటే: "సార్, వచ్చే ఖరీఫ్‌లో మడికి నలభై మొక్కలు తీస్తే సరిపోతుందా?" సరిపోదు. మడికి పది మొక్కలే తీసి, బ్లాకులు ఎనిమిది చెయ్యాలి. తూకానికి వచ్చేవి అవే నూట అరవై మొక్కలు, కూలీ పెద్దగా మారదు. భూమి మాత్రం రెట్టింపు కావాలి, చీటీలు ఏ బ్లాకుకు ఆ బ్లాకే విడిగా తియ్యాలి. పట్టికలో దాటాల్సిన గీత 3.18 నుంచి 2.36కి దిగుతుంది.