బకాయి అద్దెకు ఆఖరి నోటీసు: అండమాన్‌లో గడువు పదిహేను రోజులా, నెలా?

అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో ఉంటూ, పోర్ట్ బ్లెయిర్‌లో (2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయపురం) ఇల్లు అద్దెకిచ్చినవారూ వీరిలో ఉంటారు. అలాంటి యజమానికి నాలుగు నెలలుగా అద్దె రాకపోతే ఫోన్లు, వాట్సాప్ మెసేజ్‌లు అయ్యాక మిగిలేది రాతపూర్వక ఆఖరి నోటీసు. అయితే చాలామంది పాత నమూనా చూసి అందులో ‘15 రోజుల్లో చెల్లించాలి’ అని రాసేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

పదిహేను రోజుల గడువు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌ది. అది నెలవారీ అద్దె ఒప్పందాన్ని రద్దు చేయడానికి ఇచ్చే గడువు. కేంద్ర మంత్రివర్గం 2023 అక్టోబర్ 4న అండమాన్ నికోబార్ దీవుల అద్దె నియంత్రణకు ప్రత్యేక రెగ్యులేషన్‌ను ఆమోదించింది. రాజ్యాంగం 240వ అధికరణ కింద రాష్ట్రపతి జారీ చేసే ఈ రెగ్యులేషన్‌కు మాతృక 2021 నాటి మోడల్ టెనెన్సీ చట్టం. ఆ నమూనాలో లెక్క వేరు. వరుసగా రెండు నెలల అద్దె బకాయి పడాలి. డిమాండ్ నోటీసు అందిన తేదీ నుంచి నెల లోపు అద్దెదారు చెల్లించకుండా ఉండాలి. ఆ తర్వాతే ఖాళీ చేయించమని రెంట్ కోర్టును కోరవచ్చు. మోడల్ చట్టం పాత అద్దె ఒప్పందాలకు వర్తించదు. కాబట్టి తమ ఒప్పందం ఎప్పటిది, దేని కిందకు వస్తుందన్నది నోటీసు రాసే ముందే తేల్చుకోవాలి.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. జంగ్లీఘాట్‌లో ఒక ఇంటి అద్దె నెలకు రూ.12,000. ఏ నెల అద్దె అయినా మరుసటి నెల 5లోగా చెల్లించాలి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నాలుగు నెలల అద్దె రూ.48,000. అద్దెదారు ఆగస్టులో ఫోన్‌పే ద్వారా రూ.5,000 పంపాడు. అది తీసేస్తే మిగిలేది రూ.43,000. ఒప్పందం ప్రకారం అద్దెదారు భరించాల్సిన కరెంటు బిల్లు రూ.1,850. మొత్తం రూ.44,850. ఆ రూ.5,000ను లెక్కలో చూపకపోతే, యజమాని ఎక్కువ అడుగుతున్నాడన్న వాదనకు అద్దెదారుకి చేజేతులా అవకాశం ఇచ్చినట్టే. వడ్డీ ఒప్పందంలో రాసి ఉంటేనే అడగాలి. అడ్వాన్సుగా తీసుకున్న రూ.24,000ను బకాయికి సర్దుబాటు చేయమని అద్దెదారు అడగవచ్చు. కానీ సాధారణంగా అది ఇల్లు ఖాళీ చేశాక తేల్చే లెక్క.

నోటీసులో రాయాల్సింది ఇంతే: ‘జూన్ నుంచి సెప్టెంబర్ వరకు అద్దె, కరెంటు బిల్లు కలిపి రూ.44,850 బకాయి ఉంది. ఈ నోటీసు అందిన తేదీ నుంచి నెల లోపు కింది ఖాతాకు చెల్లించగలరు. చెల్లించని పక్షంలో ఇల్లు ఖాళీ చేయించేందుకు, బకాయి వసూలుకు రెంట్ కోర్టును ఆశ్రయిస్తాను.’ దీంతోపాటు నెలవారీ పట్టిక జతచేయాలి. బెదిరింపులు వద్దు. ‘నవంబర్ 8 లోపు’ అని తేదీ వేయడం కూడా మంచిది కాదు. అక్టోబర్ 8న విశాఖలో పోస్టు చేసిన కవరు 13న చేరితే నెల నవంబర్ 13 దాకా నడుస్తుంది. ముందే తేదీ వేస్తే గడువు కుదించినట్టవుతుంది.

నోటీసుపై యజమాని లేదా అతని తరఫు ప్రతినిధి సంతకం చేయాలి. దాన్ని పోస్టులో పంపవచ్చు, అద్దెదారుకి లేదా అతని ఇంట్లోని కుటుంబ సభ్యుడికి నేరుగా అందించవచ్చు. అది సాధ్యం కాకపోతే ఇంటి మీద కనిపించే చోట అంటించవచ్చు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కనుక స్పీడ్ పోస్టు రశీదు, చేరినట్టు రుజువు రెండూ దాచుకోవాలి. సరైన చిరునామాకు పంపిన కవరును తీసుకోవడానికి నిరాకరించినా కోర్టులు సాధారణంగా అందినట్టే పరిగణిస్తాయి. ఆ కవరును తెరవకుండా ఉంచాలి.

నెల లోపు మొత్తం బకాయి కడితే ఈ కారణంతో ఖాళీ చేయించే ప్రయత్నం అక్కడితో ఆగుతుంది. సగం కడితే తీసుకోవచ్చు. రశీదులో ‘బకాయిలో భాగంగా, నోటీసు హక్కులకు భంగం లేకుండా’ అని రాయాలి. గడువు దాటినా యజమాని తాళం మార్చకూడదు, కరెంటు, నీళ్లు ఆపకూడదు. కరెంటు, నీళ్లు ఆపడాన్ని మోడల్ చట్టం స్పష్టంగా నిషేధించింది. అలా చేస్తే నోటీసు ఎంత పక్కాగా రాసినా, అద్దెదారే ఫిర్యాదుదారుగా మారిపోతాడు.